"బాగున్నారా" అనలేని చోట ఎలా పలకరించాలి?

ప్రశ్న: మా పెదనాన్నకి ప్యాంక్రియాస్ క్యాన్సర్, నాలుగో స్టేజీ అన్నారు. ఆదివారం చూడ్డానికి వెళ్తున్నా. గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఏమనాలో తోచట్లేదు. ఇంకోటి, మా ఆఫీసులో ఒక అన్న భార్య పోయి మూడు వారాలైంది. నిన్నే డ్యూటీకొచ్చాడు. లిఫ్టులో ఎదురుపడితే అలవాటుకొద్దీ "అన్నా, బాగున్నావా" అనేశా. ఆయన మొహంలోకి చూడలేకపోయా. ఇలాంటి వాళ్ళని ఎలా పలకరించాలి?

సమాధానం:

ముందు ఆదివారం సంగతి చూద్దాం. పెదనాన్నతో మొదటి మాట అనడానికి ముందు మీరు చేయాల్సిన ఫోన్ ఒకటుంది. శనివారమే పెద్దమ్మకో, వాళ్ళ అబ్బాయికో చేసి అడగండి: "పెదనాన్నకి ఏం జబ్బని చెప్పారు? ఇంట్లో దాన్ని ఏమంటున్నారు?" మన ఇళ్ళల్లో జబ్బు పేరు రోగికి చెప్పకుండా దాచడం మామూలే. రిపోర్టులో క్యాన్సర్ అని ఉంటుంది, ఇంట్లో మాత్రం "కడుపులో గడ్డ", "లివర్ ఇన్ఫెక్షన్" అని నడుస్తుంటుంది. మీరు వెళ్ళి "కీమో ఎన్ని అయ్యాయి పెదనాన్నా" అన్నారంటే ఆ ఇంట్లో మిగతా రోజంతా ఏం జరుగుతుందో ఊహించుకోండి. దాచడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. చూడ్డానికి వెళ్ళినవాడు దాన్ని గుమ్మం దగ్గర తేల్చకూడదు. ఇంట్లో ఏ మాట వాడుతున్నారో ఆ మాటే వాడండి. లేదా ఏ పేరూ ఎత్తకండి. కానీ ఆయనకి మీ అంతట మీరు అబద్ధం చెప్పనక్కర్లేదు. ఆయనే ఎదురడిగితే ఏమనాలో కింద రాస్తాను.

అదే ఫోన్లో ఇంకో రెండు అడగండి. ఒకటి, ఏ వేళకి రావాలి అని. ఆయనకి నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఇస్తుంటే, మామూలు మాత్ర నాలుగు గంటలకోసారి వేస్తారు, వేసిన గంటకి బాగా పనిచేస్తుంది. మాత్ర వేసిన ముప్పావుగంట, గంట తర్వాత వెళ్తే ఆయన మీతో మాట్లాడగలరు. తర్వాతి మాత్రకి ఇంకో పది నిమిషాలుందనగా వెళ్తే, పళ్ళు బిగబట్టుకుని మర్యాద కోసం మీ ఎదురుగా కూర్చుంటారు. కీమో నడుస్తుంటే అది ఎప్పుడు ఇచ్చారో కూడా కనుక్కోండి. సాధారణంగా ఇచ్చాక ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపు తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఇన్ఫెక్షన్ తేలిగ్గా అంటుకుంటుంది. ఆ వారంలో మీకు కాస్త జలుబు ఉన్నా ప్రయాణం మానుకుని ఫోన్లో పలకరించండి.

రెండోది, మనిషి ఇప్పుడెలా ఉన్నారో ముందే చెప్పించుకోండి. ఈ జబ్బులో బరువు బాగా తగ్గిపోతారు. గడ్డ పైత్యరసం దారికి అడ్డుపడితే కళ్ళు, ఒళ్ళు పచ్చబడతాయి, దురద పెడుతుంది. ఇవేవీ తెలియకుండా గదిలోకి వెళ్ళినవాళ్ళ నోటి నుంచి అప్రయత్నంగా వచ్చే మొదటి మాట "అయ్యో, ఇంత చిక్కిపోయారేంటి!" అనే. అది ప్రేమతో అన్న మాటే. కానీ ఆ రోజు ఆయన్ని చూడ్డానికి వచ్చిన పదకొండో మనిషి అన్న మాట కూడా అదే అయ్యుంటుంది. దానికి విరుగుడుగా "అబ్బే, బాగానే ఉన్నారే!" అన్నా పని జరగదు. అద్దం ఆయన దగ్గరా ఉంది. ఒంటి గురించి, రంగు గురించి, జుట్టు గురించి మొదటి మాటలో అసలు ఎత్తకండి.

మరి ఏమనాలి? మన పలకరింపుల్లో ఎక్కువ భాగం ప్రశ్నలే. బాగున్నారా, ఎలా ఉన్నారు, భోంచేశారా. ఆరోగ్యంగా ఉన్న మనిషికి వీటికి జవాబు నోట్లో సిద్ధంగా ఉంటుంది, ఆలోచించక్కర్లేదు. జబ్బు మనిషికి మాత్రం అది పరీక్ష పేపరు. "బాగున్నా" అంటే అబద్ధం, "బాలేదు" అంటే ఎదుటివాడి మొహం మాడిపోతుంది, దాన్ని మళ్ళీ ఆయనే సర్దాలి. అందుకని మొదటి మాట ప్రశ్నగా కాకుండా కబురుగా ఉండాలి: వరస పెట్టి పిలవడం, ఎవరు వచ్చారో చెప్పడం, ఎందుకొచ్చారో చెప్పడం, ఎంతసేపుంటారో చెప్పడం.

"పెదనాన్నా, నేను, చిన్న తమ్ముడి కొడుకుని. మిమ్మల్ని చూడాలనిపించి వచ్చా. ఓ పది నిమిషాలు కూర్చుని వెళ్తా."

ఇందులో ఆయన జవాబు చెప్పాల్సిందేమీ లేదు. తలూపితే చాలు. మందుల మత్తులో ఉన్నవాళ్ళకి మనిషి పోలిక వెంటనే దొరకదు కాబట్టి మీరెవరో మీరే చెప్పాలి. "నేనెవరో చెప్పుకోండి చూద్దాం" అనే సరదా ఈ గదిలో వద్దు. "పది నిమిషాలు" అని ముందే అనడం చిన్న విషయంలా ఉంటుంది గానీ, మీరు ఎప్పుడు లేస్తారో తెలిసిన మనిషి ఆ పది నిమిషాలకి సరిపడా ఓపిక పోగు చేసుకోగలడు.

ఈ మాట అనేది కూడా నిలబడి కాదు. కుర్చీ లాక్కుని, మీ కళ్ళు ఆయన కళ్ళ ఎత్తుకి వచ్చేలా కూర్చుని అనండి. మంచం మీద కూర్చుంటే పరుపు కదిలి నొప్పి చేయొచ్చు, అడక్కుండా కూర్చోకండి. ప్యాంక్రియాస్ నొప్పి కడుపులో మొదలై వీపులోకి పాకుతుంది. ముందుకి వంగి కూర్చుంటే కాస్త ఉపశమనం. ఆయన దిండుని పొట్టకి అదుముకుని వంగి కూర్చుని ఉంటే "పడుకోండి పెదనాన్నా, ఎందుకు కష్టపడతారు" అని మర్యాదలకు పోకండి. ఆయనకి సుఖంగా ఉన్న తీరు అదే.

తర్వాత ప్రశ్న అడగొచ్చు, కానీ చిన్నది అడగండి. "ఎలా ఉంది?" అంటే మొత్తం జబ్బు గురించి చెప్పాలి. "రాత్రి కాస్త నిద్ర పట్టిందా?" అంటే ఒక్క రాత్రి గురించి చెబితే సరిపోతుంది. "ఈ పూట నొప్పి ఎలా ఉంది?" కూడా పర్వాలేదు. మామూలుగా ఎవరింటికెళ్ళినా అడిగే "ఏమన్నా తిన్నారా?" మాత్రం ఈ జబ్బులో జాగ్రత్త. ఆకలి చచ్చిపోవడం, తిన్నది అరక్కపోవడం దీని లక్షణాల్లోనే ఉన్నాయి. ఆ ఇంట్లో రోజూ మూడు పూటలా కంచం దగ్గరే గొడవ జరుగుతుంటుంది: పెద్దమ్మ ఇంకో ముద్ద అంటుంది, ఆయన వద్దంటాడు. మీరు వెళ్ళి "తినకపోతే ఎట్లా పెదనాన్నా, తింటేనే గదా బలం" అన్నారంటే ఆ గొడవలో ఆయనకి ఎదురుపక్షంలో చేరినట్టే. అడగాలనిపిస్తే "నోటికి ఏదన్నా హితవుగా ఉంటోందా?" అని అడగండి. మజ్జిగ అంటే మజ్జిగ, ఏదీ లేదంటే ఏదీ లేదు, అక్కడితో వదిలేయండి.

అడిగాక ఆగండి. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది, ఎవరూ చేయరు. నీరసంగా ఉన్న మనిషి మాట కూడదీసుకోడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. మనకి మూడో సెకనుకే ఊపిరాడదు, "మా కొలీగ్ వాళ్ళ నాన్నకీ ఇదే, బొప్పాయాకు రసం తాగి లేచి తిరుగుతున్నాడు" అని మొదలుపెడతాం. ఆకు రసాలు, ఫలానా ఊరి నాటు మందు, వాట్సాప్‌లో వచ్చిన వీడియో, ఇవన్నీ నిజానికి ఆ మౌనం భరించలేక వచ్చేవే. మౌనం మరీ బరువనిపిస్తే "ఊఁ" అనండి, లేకపోతే అడిగి చెయ్యి పట్టుకోండి.

ఇప్పుడు కష్టమైన చోటు. ఆయన ఉన్నట్టుండి "ఇంకెన్నాళ్ళురా, అయిపోయింది" అనొచ్చు. నూటికి తొంభై మంది "ఛ, అలాంటి మాటలు మాట్లాడకండి, మీకేం కాదు" అంటారు. ఆ మాటతో తలుపు మూసుకుంటుంది, ఆయన మళ్ళీ మీ దగ్గర ఆ విషయం ఎత్తరు. బదులుగా:

"అట్లా అనిపిస్తోందా పెదనాన్నా?"

అంతే. "అవును" అనిగానీ "కాదు" అనిగానీ మీరు తీర్పు చెప్పలేదు. ఆయనకి చెప్పుకోవాలనుంటే చెబుతారు. తరచుగా బయటికొచ్చేది చావు భయం కాదు, ఏదో ఒక పని మిగిలిపోయిందన్న దిగులు: చిన్నదాని పెళ్ళి, పొలం కాగితాలు, మాట్లాడక పదేళ్ళైన తమ్ముడు. ఆ తమ్ముడు మీ నాన్నే అయితే ఆదివారం ప్రయాణానికి వేరే అర్థం వచ్చేస్తుంది, అది మీకే తెలియాలి. ఇక సూటిగా "నాకు క్యాన్సరేనా? నీకు తెలుసా?" అని అడిగారనుకోండి. "నాకు పూర్తిగా తెలియదు పెదనాన్నా. మీకేమనిపిస్తోంది?" అని అడిగి, ఆయన చెప్పింది విని, "ఇది డాక్టరుగారినే అడుగుదాం, మీరు అడగాలనుకుంటున్నారని అన్నయ్యకి చెప్పనా?" అనండి. అన్నయ్యకి నిజంగా చెప్పండి. రోగి అంత సూటిగా అడిగాడంటే సగం ఆయనకి తెలిసిపోయిందనే లెక్క. ఇంట్లోవాళ్ళకి ఆ సంగతి చేరడం అవసరం.

మీకు ఏడుపొస్తే? కళ్ళు చెమర్చితే దాచుకోనక్కర్లేదు, "మిమ్మల్నిలా చూస్తే కష్టంగా ఉంది" అని ఒక్క మాట అనొచ్చు. కానీ ఆయనగానీ పెద్దమ్మగానీ మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తేకండి. సూజన్ సిల్క్ అనే అమెరికన్ సైకాలజిస్టు 2013లో ఒక పత్రికా వ్యాసంలో దీనికో లెక్క చెప్పింది: నడిమధ్యన రోగి, చుట్టూ ఒకదాని బయట ఒకటిగా వలయాలు, దగ్గరివాళ్ళు లోపలి వలయంలో, దూరపువాళ్ళు బయట. లోపలివైపు ఓదార్పు మాత్రమే పోవాలి, మన గోడు బయటివైపే వెళ్ళబోసుకోవాలి. మీ లెక్కలో పెద్దమ్మ మీకన్నా లోపలి వలయం. మీ ఏడుపు ఇంటికొచ్చాక మీ ఆవిడ దగ్గరో, స్నేహితుడి దగ్గరో.

లేచేటప్పుడు "త్వరగా కోలుకోండి" వద్దు. నాలుగో స్టేజీ అని తెలిసిన మనిషికి అది ఎటూ అతకదు, తెలియని మనిషికి కూడా కోలుకోకపోవడం తన తప్పులా వినిపిస్తుంది. "వచ్చే శనివారం సాయంత్రం మళ్ళీ వస్తా" అనండి, రాగలిగితేనే. మంచం మీదున్న మనిషి వారాలు లెక్కపెడతాడు. రాలేకపోతే "ఫోన్ చేస్తా" అనండి.

ఇక ఆఫీసులో అన్న. జరిగినదాన్ని ముందు సర్దాలి, అది సులువే. ఇవాళో రేపో ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, లిఫ్టులోనూ క్యాంటీన్లోనూ నలుగురి మధ్యా కాకుండా, ఆయన సీటు దగ్గరికి వెళ్ళండి. "అన్నా, మొన్న లిఫ్టులో అలవాటుకొద్దీ బాగున్నావా అనేశా. వదిన సంగతి తెలుసు. చాలా బాధనిపించింది." ఇక్కడ ఆగిపోండి. దీన్ని సాగదీసి, "ఛ, నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, నేనెంత మూర్ఖుణ్ణో" అన్నారంటే ఆయన మిమ్మల్ని "పర్లేదులే తమ్ముడూ" అని సముదాయించాలి. మళ్ళీ అదే వలయాల లెక్క.

పోయిన మనిషిని "వదిన" అనో, పేరు తెలిస్తే పేరుతోనో అనడం ముఖ్యం. మూడు వారాలకల్లా చుట్టూ ఉన్నవాళ్ళు "ఆ విషయం", "జరిగినదానికి" అని డొంకతిరుగుడుగా మాట్లాడ్డం మొదలెడతారు, ఆవిడ పేరు ఎక్కడా వినపడదు. మీకు ఆవిడ గురించి ఒక్కటైనా సొంతంగా గుర్తుంటే చెప్పండి: "దసరాకి నీ డబ్బాలో వదిన పంపిన బొబ్బట్లు ఫ్లోరంతా తిన్నాం." ఇలాంటి మాటకి ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, ఏడిపించామని భయపడకండి. ఏడుపు అప్పటికే అక్కడుంది, మీరు తెచ్చింది కాదు. గుర్తుంచుకున్నవాడు ఇంకొకడున్నాడని మాత్రం ఆయనకి తెలుస్తుంది. గుర్తేమీ లేకపోతే కల్పించకండి, "నేను వదినని చూడలేదన్నా, నీ మాటల్లో వినడమే" అంటే చాలు.

అనకూడనివి మీకు తెలియనివి కావు, అయినా రెండింటి గురించి చెప్పాలి, ఎందుకంటే అవి మంచి మాటల్లా ఉంటాయి. "ధైర్యంగా ఉండాలన్నా, నువ్వే ఇలా అయిపోతే పిల్లల్ని ఎవరు చూస్తారు" అన్నది ఒకటి. దాని అర్థం, పిల్లల ముందు ఏడవకు అని. పిల్లలేమో నాన్న అమ్మ కోసం ఏడవనే లేదనుకుంటారు. రెండోది "ఏ హాస్పిటల్లో చూపించారు?" అన్నది. ఆరా తీసినట్టే ఉంటుంది గానీ, భార్యని పోగొట్టుకున్న మనిషి రాత్రిళ్ళు ఇదే లెక్క వేసుకుంటుంటాడు: ముందే తీసుకెళ్ళుంటే, ఇంకోచోటికి తీసుకెళ్ళుంటే. మీ ప్రశ్న ఆ లెక్కలో ఇంకో అంకె. ఎలా జరిగిందో ఆయనే చెబితే ఎంతసేపైనా వినండి, మీరుగా తవ్వకండి.

"ఏమన్నా కావాలంటే చెప్పన్నా" అనడం కూడా పనిచేయదు. ఏం కావాలో ఆలోచించి, అడగడానికి మొహమాటపడి, ఎవర్నడగాలో తేల్చుకునే పని ఆయన నెత్తినే పడుతుంది. "ఈ నెల నా షిఫ్టు, నీ షిఫ్టు మార్చుకుందామా, పిల్లలు బడి నుంచి వచ్చే టైముకి ఇంట్లో ఉండొచ్చు" అనండి. కాదంటే కాదంటాడు. ఇంకో పనికొచ్చేది అడగండి: "డెత్ సర్టిఫికెట్ వచ్చిందా అన్నా?" చావుని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆసుపత్రిలో పోతే సమాచారం వాళ్ళే పంపాలి, ఇంట్లో పోతే ఇంటివాళ్ళు చూసుకోవాలి. గడువు దాటితే ఆలస్య రుసుము, అనుమతులు, తిరగడం. మూడు వారాలైందన్నారు కాబట్టి ఇది ఇవాళే అడగాల్సిన మాట. బ్యాంకుకి, ఇన్సూరెన్సుకి, ఆవిడ పేరున్న ప్రతి కాగితానికి కాపీ కావాలి. "కాకపోతే రేపు ఆ నమోదు ఆఫీసుకి నేను పోయొస్తా, కాగితాలివ్వు" అనగలిగితే అది పది సానుభూతి మెసేజుల పెట్టు.

రోజూ ఎదురుపడతారు కాబట్టి రోజూ ఏమనాలన్నది కూడా తేల్చుకోండి. ప్రతి ఉదయం బాధ ముఖం పెట్టుకుని రావద్దు, ఆయన కాసేపు మామూలుగా ఉందామనే డ్యూటీకొచ్చి ఉండొచ్చు. నేరుగా అడిగేయండి: "అన్నా, ఇక్కడ పని గురించే మాట్లాడమంటావా, వదిన గురించి అడిగితే పర్లేదా?" కొందరు "ఆఫీసులో వద్దు, ఇంటికి రా" అంటారు. ఆ తర్వాత పొద్దున్నే "అన్నా, వచ్చావా, టీ తాగుదామా" చాలు.

ఒక్క మాట వినబడితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు: "నేను కూడా పోతే బాగుండు." భార్య పోయినవాళ్ళు చాలామంది అంటారు, అన్ని సార్లూ ఒకటే అర్థం కాదు. అడిగితేనే తెలుస్తుంది. "అన్నా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అని ఉన్నదున్నట్టు అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. "లేదు, బతకబుద్ధి కావట్లేదంతే" అంటే వినండి, మర్నాడు మళ్ళీ పలకరించండి. అవునన్నా, ఎలా అన్నది కూడా ఆలోచించి పెట్టుకున్నాడనిపించినా, ఆయన్ని ఒంటరిగా వదలకుండా అన్నదమ్ముల్లో ఒకరిని పిలిపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి పక్కనే కూర్చుని ఫోన్ కలపండి, తెలుగులో మాట్లాడతారు.

మీరు ఆయన ఇంటికి పోతే ఒకటి తెలిసుండాలి. చావు జరిగిన ఇంట్లోంచి లేచేటప్పుడు "వెళ్ళొస్తా" అనరు, అలాంటి రాక మళ్ళీ రాకూడదని. చేతులు జోడించో, భుజం మీద చెయ్యేసో మౌనంగా వచ్చేస్తారు. మంగళ, శుక్రవారాలు పరామర్శకి పోని ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆ పట్టింపు ఆయన తరఫు పెద్దవాళ్ళకి ఉందేమో కనుక్కోండి. క్రైస్తవ కుటుంబమైతే ఆదరణ కూడిక ఉంటుంది, దానికి వెళ్ళి వెనక కూర్చున్నా పలకరించినట్టే. ముస్లిం ఇళ్ళల్లో పరామర్శ మొదటి మూడు రోజుల్లోనే ఎక్కువ. పల్లెటూళ్ళో ఆడవాళ్ళు గుమ్మంలోనే పట్టుకుని శోకాలు పెడితే కంగారుపడకండి, అక్కడ పలకరింపు అదే, మీరు మాటలు వెతుక్కోనక్కర్లేదు.

మిగిలింది పండగలు. ఏడాది దాకా ఆ ఇంట్లో పండగ ఉండదు, పిండివంట ఉండదు. ఆఫీసు గ్రూపులో మాత్రం సంక్రాంతి రోజు పొద్దున్నే నలభై ముగ్గులు, నలభై శుభాకాంక్షలు. గ్రూపుని ఆపలేం. ఆయనకి విడిగా మాత్రం ఫార్వర్డు పంపకండి, అలాగని ఏమీ పంపకుండానూ ఉండకండి. ఇలా రాయండి: "అన్నా, ఈ పండక్కి వదిన లేదు కదా అని గుర్తొచ్చి రాస్తున్నా. పిల్లల్ని తీసుకుని మా ఇంటికి భోజనానికి రా, మామూలు భోజనమే. రాబుద్ధి కాకపోతే జవాబు కూడా ఇవ్వక్కర్లేదు." భోగికి ముందు రోజే పంపండి. పండగ రోజు పంపితే ఆ నలభైలో కలిసిపోతుంది, అదీగాక ఆ పూట పిల్లలకి ఏం వండాలో ఆయన ముందురోజే తేల్చుకోవాలి.